ఏరు అంటే ఏమిటి?

మేము గోండీ ఇళ్ళలో పుట్టి తెలుగు బడిలో చదువుకున్నవాళ్ళం. బడిలో మాకు ఇద్దరు పంతుళ్ళు రెండు రకాల సలహాలు చెప్పేవారు. "ప్రతి మాటకూ మీ భాషలో అర్థం రాసుకోండి" అని ఒకరు, "మీ భాషను గుమ్మం బయట వదిలి రండి, తెలుగులోనే ఆలోచించండి" అని ఇంకొకరు. మేము రెండు దారుల్లోనూ నడిచాం. రెండింటిలోనూ కాలు జారింది. ఎక్కడ జారిందో చెప్పుకుంటే ఏ దారి ఎంతవరకు పనికొస్తుందో తెలుస్తుంది.

మొదట తెలుగులోనే ఆలోచించమన్న దారి సంగతి. పంతులుగారు వాచకంలోని బొమ్మ చూపించి "ఏరు" అన్నారు. బొమ్మలో నీళ్ళు ఉన్నాయి. గోండీలో ఏర్ అంటే నీళ్ళే. మాకు చాలా సంతోషమైంది, ఈ మాట మన మాటే అనుకున్నాం. కొన్నాళ్ళకు పాఠంలో "ఏరు పొంగింది" అని వచ్చింది. పొయ్యి మీద కుండలో నీళ్ళు పొంగాయనుకున్నాం. తర్వాతి వాక్యంలో జనం ఊరు దాటలేకపోయారని ఉంది. కుండ పొంగితే జనం ఎందుకు ఆగిపోయారో మాకు అంతు పట్టలేదు. అడగడానికి భయం. ఏరు అంటే వాగు అని తెలియడానికి చాలా కాలం పట్టింది. బొమ్మ చూపించడం వల్ల మా పొరపాటు తీరలేదు, ఇంకా గట్టిపడింది. "మీ ఏర్ వేరు, తెలుగు ఏరు వేరు" అని ఒక్క మాట గోండీలో చెప్పి ఉంటే అప్పుడే తేలిపోయేది. భాషను బయట వదిలి రమ్మన్నంత మాత్రాన అది బయట ఉండదు. చెప్పకుండా లోపలికి వచ్చి కూర్చుంటుంది. దానితో మాట్లాడితేనే దాని పొరపాటు దిద్దగలం.

ఇక అర్థం రాసుకునే దారి. గోండీలో మగవాళ్ళకు ఒక సర్వనామం, మిగతా అందరికీ, అన్నిటికీ ఇంకొకటి. అమ్మను గురించి చెప్పినా ఆవును గురించి చెప్పినా అద్ అనే అంటాం. ఎక్కువమంది ఆడవాళ్ళయితే అవ్ అంటాం. అందులో చిన్నచూపు ఏమీ లేదు. మాలో ఒక పిల్లవాడు దీన్ని మాటకు మాటగా మార్చి, టీచరమ్మ గురించి "అది వచ్చింది" అన్నాడు. వంటమ్మలు రాగానే "అవి వచ్చాయి" అన్నాడు. తరగతి నవ్వింది. టీచరమ్మకు కోపం వచ్చింది, "మర్యాద తెలియని పిల్లలు" అన్నారు. వాడు తన అమ్మను పిలిచే మాటతోనే ఆమెనూ చెప్పాడు. తెలుగులో అది తిట్టయి కూర్చుంది. వాడు చాలా రోజులు తరగతిలో నోరు విప్పలేదు.

నిజానికి తెలుగు కూడా ఇందులో సగం దారిలోనే ఉంది. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది: క్రియ ఒకటే. బహువచనం కాగానే ఆడవాళ్ళు వచ్చారు, ఆవులు వచ్చాయి. ఒక్కరుగా ఉన్నప్పుడు ఆవుతో, పదిమందిగా ఉన్నప్పుడు మగవాళ్ళతో కలిపింది తెలుగు. మా భాష రెండు చోట్లా ఒకే లెక్క వేసింది. ఇవి లెక్కలో తేడాలే గానీ మర్యాదలో తేడాలు కావు.

అయితే ఈ తేడా అర్థం రాసుకుంటే వంటబట్టదు. అద్ పక్కన అది, ఆమె, ఆవిడ అని మూడూ రాసుకున్నా, ఎవరి దగ్గర ఏది అనాలో పట్టీ చెప్పదు. సంతలో, బస్సులో, వంటశాల దగ్గర తెలుగువాళ్ళు ఎవరిని ఎలా అంటున్నారో విని, అలాగే అనాలి. ఆ పిల్లవాడు ఒకనాడు "అవి..." అని ఆగి, "వాళ్ళు వచ్చారు" అని తనంత తానే దిద్దుకున్నాడు. అప్పటికి వాడు గోండీ నుంచి మార్చడం మానలేదు, కానీ తెలుగు వాడి చెవికి అడ్డం తగులుతోంది. కొన్ని నెలలకు ఆ ఆగడం కూడా పోయింది.

కాబట్టి మాకు తోచింది ఇది. మాట అర్థం దగ్గర తల్లిభాష కావాలి, ముఖ్యంగా రెండు భాషల్లో ఒకేలా వినబడే మాటల దగ్గర. మాట వాడుక దగ్గర కొత్త భాషలోనే మెలగాలి. 1943లో మార్లవాయిలో గోండు పిల్లల చదువు మొదలుపెట్టినప్పుడు గోండు యువకులకే శిక్షణ ఇచ్చి పంతుళ్ళను చేశారు, ముందు గోండీలో వాచకాలు తయారుచేశారు. పిల్లవాడు ఎక్కడ పొరబడతాడో ఆ భాష తెలిసిన పంతులుకే ముందుగా తెలుస్తుంది.

తెలుగులో ఆలోచించడం మాకు వచ్చింది. ఈ వ్యాసం తెలుగులోనే ఆలోచించి రాశాం. అయినా ఏరు అన్న మాట రాసినప్పుడు ముందు కడవలో నీళ్ళే కనిపిస్తాయి, ఆ తర్వాత వాగు. అది తప్పని మేము అనుకోవడం లేదు. వాగులో ఉన్నదీ ఆ నీళ్ళే కదా.