నాయన అడిగింది

ఉదయం తొమ్మిదింటికి రాయదుర్గం వెళ్ళే మెట్రోలో కూర్చోవడానికి చోటు దొరకదు. అమీర్‌పేటలో ఎక్కి, కడ్డీ పట్టుకుని నిలబడి, కళ్ళు మూసుకుని శ్వాస మీద మనసు పెట్టడం నాకు రెండేళ్ళుగా అలవాటు. మైకులో హైటెక్ సిటీ పేరు వినిపించేదాకా అదే నా పూజగది.

కిందటేడు అలా నిలబడి ఉండగా ఒక వింత మొదలైంది. ఫోను మోగడానికి క్షణం ముందు, చేయబోయేదెవరో పేరు మనసులో మెదిలేది. మొదటిసారి అమ్మ. రెండోసారి మా మేనేజరు. మూడోసారి, ఏడాదిగా మాటామంతీ లేని పాత రూమ్మేటు. మూడోదానికి మాత్రం ఒళ్ళు జలదరించింది.

మధ్యాహ్నం క్యాంటీన్లో నలుగురిలో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "అయితే ఈసారి నా హైకెంతో చూసి చెప్పు బాబూ" అన్నాడొకడు. వీకెండ్ ధ్యాన శిబిరాలకు తిరిగే ఇంకొకాయన మాత్రం నవ్వలేదు. "తేలిగ్గా తీసుకోకు. ఆజ్ఞాచక్రం కదులుతోంది" అన్నాడు గొంతు తగ్గించి. నేను పైకి కొట్టిపారేశాను. లోపల మాత్రం ఏదో వెచ్చగా, హాయిగా అనిపించింది.

మర్నాటి నుంచి చూడండి. కళ్ళు మూసుకుంటున్నాను, శ్వాస ఆడుతోంది, మనసు మాత్రం జేబులో ఫోను దగ్గర కాపలా కాస్తోంది. ఏ పేరు వస్తుందా అని ఎదురుచూపు. పట్టుదలకొద్దీ రెండు వారాలు రాసి పెట్టుకున్నాను కూడా. తప్పినవే ఎక్కువ. మేనేజరుగారు ఎటూ రోజూ ఆ వేళకే చేస్తారు, ఆయన్ని కనిపెట్టడానికి ఆజ్ఞాచక్రం అక్కర్లేదు. తప్పిన వాటిని మర్చిపోయి, తగిలిన మూడింటినీ పట్టుకుని ఊరేగాను, అంతే. అయితే లెక్క తేలిన తర్వాత నాకు తట్టింది వేరే. ఒకవేళ అన్నీ నిజమే అయినా, ఆ రెండు వారాల్లో నేను ధ్యానంలో ఉన్నది ఒక్క రోజు కూడా లేదు.

పతంజలి యోగసూత్రాల్లో మూడో పాదం పేరే విభూతి పాదం. సిద్ధులు అబద్ధమని అందులో ఎక్కడా లేదు. ధారణ, ధ్యానం, సమాధి, ఈ మూడూ ఒకే వస్తువు మీద నిలిస్తే దానికి సంయమం అని పేరు. దేనిమీద సంయమం చేస్తే ఏది వస్తుందో వరసగా చెప్పుకుపోతాడాయన. ఏనుగు బలం వస్తుందంటాడు, పూర్వజన్మలు తెలుస్తాయంటాడు, ఎదుటివాడి మనసు తెలుస్తుందంటాడు. చదివేవాడికి నోరూరుతుండగా, మధ్యలో ఉన్నట్టుండి ఇవి సమాధికి ఉపసర్గలు, బయటికి తిరిగిన మనసుకే సిద్ధులు అనేస్తాడు. ఉపసర్గ అంటే మనకు వ్యాకరణం గుర్తొస్తుంది, ఇక్కడ దానికి ఉపద్రవం, అడ్డంకి అని అర్థం. వస్తువు ఒక్కటే. అది సిద్ధా, అడ్డా అన్నది మనసు ఏ దిక్కుకు తిరిగి ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. సిద్ధికి పట్టుకోవడానికి ఎప్పుడూ ఏదో ఒక వస్తువు కావాలి, దాన్ని వాడటానికి మనసు కదలాలి. యోగం వెళ్ళేది ఏ వస్తువునూ పట్టుకోనక్కర్లేని నిలకడ వైపు. రెండూ ఎదురెదురు దారులు.

అదే పాదంలో ఇంకా ముందుకెళ్తే, యోగిని దేవతలు పిలిచే ఘట్టం ఉంది. వ్యాసభాష్యంలో ఆ పిలుపు చదివితే నాకు మన ఐటీ కారిడార్లో తిరిగే ఆఫర్ లెటర్లే గుర్తొస్తాయి. ఇక్కడ కూర్చో, ఈ భోగాలు నీవి, ఈ రసాయనం తాగితే ముసలితనం రాదు, ఇదిగో ఆకాశంలో తిరిగే వాహనం అంటారు. ఆ పిలుపు వచ్చేది చేరవలసిన చోటికి చేరినవాడికి కాదు. అప్పుడే దారిలో పడినవాడికీ కాదు. యోగుల నాలుగు దశల్లో రెండోదానిలో ఉన్నవాడికి. అతను రెండింటిని దగ్గరకు రానివ్వకూడదట. ఒకటి సంగం, అంటే ఇచ్చింది పుచ్చుకోవడం. రెండోది స్మయం. పుచ్చుకోకపోయినా, దేవతలంతటివాళ్ళు నన్ను బతిమాలుతున్నారే అని లోలోపల మెరిసే గర్వపు చిరునవ్వు. ఆ నవ్వు వచ్చిందా, ఇక తనకేం ఫర్వాలేదనుకుంటాడు, మృత్యువు జుట్టు పట్టుకుని ఉందన్న సంగతి మరిచిపోతాడు అంటాడు భాష్యకారుడు. క్యాంటీన్లో నాకు కలిగిన వెచ్చదనానికి ఇంత పాత పేరు ఉందని అది చదివాకే తెలిసింది.

దురాశతో సిద్ధులు కోరేవాణ్ణి కనిపెట్టడం తేలికే. మంచి పనికోసం కోరితే? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను కావ్యకంఠ గణపతి ముని దగ్గరికే వెళ్తాను. 1878లో బొబ్బిలి దగ్గర కలవరాయిలో పుట్టారు. 1900లో నవద్వీప పండితులు ఆయన ఆశుకవిత్వం విని కావ్యకంఠ బిరుదు ఇచ్చారు. శిష్యులకు ఆయన 'నాయన'. చిన్నప్పటి నుంచీ మంత్రజపం, తపస్సు. దేని కోసమంటే, దేశం కోసం. మంత్రశక్తితో, తపశ్శక్తితో ఈ దేశాన్ని మళ్ళీ నిలబెట్టాలని ఆయన కోరిక. దాంట్లో స్వార్థం వెతికినా దొరకదు.

1907 నవంబరు 18న, కార్తీక ఉత్సవం రోజుల్లో, ఆయన అరుణాచలం కొండెక్కి విరూపాక్ష గుహ దగ్గర ఉన్న మౌనస్వామి కాళ్ళు పట్టుకున్నారు. స్వామి ఆయనకన్నా ఏడాది చిన్న. చదవాల్సినదంతా చదివాను, జపం తనివితీరా చేశాను, తపస్సంటే ఏమిటో మాత్రం తెలియలేదని విన్నవించుకున్నారు. స్వామి చాలాసేపు ఊరికే చూసి, తర్వాత రెండు మాటలు చెప్పారు. నేను అనే తలపు ఎక్కడ పుడుతోందో చూస్తే మనసు అక్కడే అణుగుతుంది, అదే తపస్సు. మంత్రం జపించేటప్పుడు ఆ ధ్వని ఎక్కడ పుడుతోందో చూస్తే మనసు అక్కడే అణుగుతుంది, అదే తపస్సు. ఆ స్వామికి భగవాన్ రమణ మహర్షి అని పేరు పెట్టింది నాయనే.

ఉపదేశమైతే అందింది కానీ కోరిక పోలేదు. అందుకే ఆయన మరోసారి అడిగారు. ఈ విచారణ ఒక్కటే నా ఆశయాలన్నీ తీర్చడానికి సరిపోతుందా, మంత్రాలు కూడా కావాలా? సరిపోతుందన్నారు మహర్షి. ఆశయాల సంగతి మళ్ళీ కదిపితే, ఆ బరువంతా ఈశ్వరుడి మీద వెయ్యి, ఆయనే మోస్తాడు అన్నారు. సిద్ధి ఇస్తాననలేదు, కోరిక చెడ్డదనీ అనలేదు. మోసేవాడు నువ్వు కాదన్నారు, అంతే. రైలెక్కాక కూడా మూట నెత్తిమీదే పెట్టుకున్న ప్రయాణికుడి పోలిక ఆయనదే.

తర్వాత జరిగిన ఒక సంగతి మరీ విచిత్రం. నాయన మద్రాసు దగ్గర తిరువొట్టియూరులో, వినాయకుడి గుళ్ళో తపస్సులో ఉన్నారు. ఒకనాడు మెలకువగా పడుకుని ఉండగా మహర్షి వచ్చి పక్కన కూర్చున్నారు. లేవబోతే తలమీద చెయ్యి పెట్టి అదిమారు. ఒళ్ళంతా కరెంటు పాకినట్టయింది. నాయన దాన్ని హస్తదీక్షగా భావించారు. మహర్షి చూస్తే, 1896 సెప్టెంబరులో తిరువణ్ణామలై చేరిన తర్వాత ఆ ఊరు దాటి అడుగు పెట్టినవారే కాదు. ఏళ్ళు గడిచాక ఆయన తనవైపు కథ చెప్పారు. ఒకరోజు పడుకుని ఉండగా శరీరం పైకి తేలిపోతున్నట్టు అనిపించిందట. వస్తువులన్నీ మాయమై అంతా తెల్లటి వెలుగైందట. మళ్ళీ వస్తువులు కనిపిస్తే, సిద్ధపురుషులు వచ్చిపోవడమంటే ఇదే కాబోలు అనుకున్నారట. అది తిరువొట్టియూరని తోచిందట. కోరలేదు, మళ్ళీ ప్రయత్నించలేదు, అన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదు.

నాకైతే ఆ ప్రయాణం కంటే ఆ ఏళ్ళ మౌనమే పెద్ద వింత. నేను ఒక్క ఫోన్‌కాలు పేరును మధ్యాహ్నం దాకా కూడా దాచుకోలేకపోయాను.

1928లో మహర్షి తమిళంలో ఉళ్ళదు నార్పదు రాశారు. ఉన్నదాన్ని తెలుసుకుని అదే అయి ఉండటమే సిద్ధి, తక్కినవి కలలో వచ్చిన సిద్ధుల్లాంటివి, మేలుకుంటే అవి ఉంటాయా అనే భావం అందులో ఒక పద్యంలో ఉంది. దాని అనుబంధంలో ఒక కుంటివాడు వస్తాడు. నన్నెవరైనా లేవనెత్తి నిలబెడితే చాలు, ఈ శత్రువులు నాకొక లెక్కా అంటాడు. తనను కదిలిస్తున్న శక్తి ఏదో ఎరగక, సిద్ధులు సంపాదించి అన్నీ చక్కబెడతామనేవాళ్ళు అలాంటివాళ్ళట. ఉళ్ళదు నార్పదును సద్దర్శనం పేరుతో సంస్కృతంలోకి తెచ్చింది ఎవరో కాదు, నాయనే. జీవితమంతా శక్తికోసం తపించిన మనిషి, సిద్ధులు కలలని చెప్పే పద్యం దగ్గర కూర్చుని దానికి మాటలు వెతుకుతుంటే ఏమనుకుని ఉంటారో. 1936లో ఖరగ్‌పూర్ దగ్గర ఆయన దేహం విడిచారు. స్వాతంత్ర్యం వచ్చింది అప్పటికి పదకొండేళ్ళకు. కబురు విన్న మహర్షి కళ్ళు తుడుచుకున్నారట, అలాంటివాడు మనకు మళ్ళీ ఎక్కడ దొరుకుతాడని.

ఈ రోజు ధ్యానంలో వెలుగు కనిపించవచ్చు, నుదుటి మధ్య ఒత్తిడి తెలియవచ్చు, ఎవరి పేరో మెదలవచ్చు. దాన్ని తరిమేయడానికి కుస్తీ పట్టక్కర్లేదు, అదీ దాన్ని పట్టుకోవడమే. ఇది ఎవరికి తోచింది అని ఒక్కసారి అడిగి, జవాబు మాటల్లో చెప్పుకోకుండా, ఆ అడిగినవాడు లేస్తున్న చోటికే చూపు తిప్పండి. లేచాక ఎవరికైనా చెప్పాలని నాలుక దురద పుడితే, చూపు తిరగలేదని గుర్తు. ఆ రోజుకు నోరు కట్టుకోండి, రేపు మళ్ళీ కూర్చోవచ్చు.

ఇవాళ మాదాపూర్ దాటాక వీపున లాప్‌టాప్ బ్యాగు బరువు తెలిసింది. రెండేళ్ళుగా బండి ఎక్కిన తర్వాత కూడా దాన్ని మోస్తూనే నిలబడుతున్నాను. తీసి కాళ్ళ మధ్య పెట్టుకున్నాను. దుర్గం చెరువు దగ్గర ఫోను మోగింది. పేరు ముందే మెదిలిందో లేదో చూసుకోలేదు.

అమ్మే. "టిఫిన్ తిన్నావా?" అంది.