ఆసు మీద ఒక రాత్రి

మొన్న అమ్మానాయినల పెళ్లికి 25 ఏళ్లు నిండాయి. పోచంపల్లికి దగ్గర్లోని మా ఊళ్లో, ఇంటి ముందు టెంటు వేసి చుట్టాలందర్నీ పిలిచాం. నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. వారం ముందే కూర్చుని రాస్తే మూడు పేజీలయింది. కన్నందుకు, పెంచినందుకు, చదివించినందుకు, అన్నిటికీ కృతజ్ఞతలు. పైకి చదువుకుని చూస్తే అందులో మా అమ్మా కనిపించలేదు, నాయినా కనిపించలేదు. ఏ ఇంటి ఆడపిల్లయినా చదవగలిగిన కాగితాలవి.

చించేసి, ఒక్క జ్ఞాపకం చెబుదామనుకున్నాను. ఏది? పండగలూ, నా పరీక్ష ఫలితాలూ ఎన్నో గుర్తొచ్చాయి గానీ, అవన్నీ నా సంగతులే. వాళ్లిద్దరి మధ్యది, నేను పక్కనుండి చూసింది ఒక్కటే ఉంది. మైకు పట్టుకుని అదే చెప్పాను.

“అమ్మా, నాయినా! ఇక్కడున్నవాళ్లలో సగం మంది మగ్గం మీద బతికినవాళ్లే. పట్నం నుంచి వచ్చిన నా స్నేహితుల కోసం ఒక మాట చెప్పాలి. మా చీర మీది డిజైను నేశాక వేసేది కాదు. నూలుకు ముందే చిటికి కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. చిటికి కట్టాలంటే ముందు పేక పోగుల్ని ఆసు పోయాలి. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా మేకులు. చెయ్యి చాచి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోగు తిప్పుతూ ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు. నాలుగైదు గంటల పని. మా ఇళ్లల్లో ఇది ఆడవాళ్ల వంతు. ఆలేరు మల్లేశం గారు వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేకనే లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. నేను చెబుతున్న రోజుకు ఆ యంత్రం మా ఇంటికింకా రాలేదు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. దసరాకు ఇవ్వాల్సిన చీరలున్నాయి. అమ్మ కుడి భుజం పైకి లేవడం లేదు. రాత్రి దాహమై లేచాను. ముందర గదిలో ఛార్జింగ్ లైటు పెట్టుకుని నాయిన ఆసు ముందు కూర్చున్నాడు. మగ్గం మీద అంత వడిగా ఆడే చెయ్యి అక్కడ తడబడుతోంది. మేకు దగ్గర ఆగి, పెదాలతో లెక్కపెట్టుకుని, మళ్లీ తిప్పుతున్నాడు. నన్ను చూసి కసరలేదు. ‘అమ్మ లేస్తది, సప్పుడు జేయకు బిడ్డా’ అని పక్కన చోటిచ్చాడు. ఎప్పుడో అక్కడే నిద్రపోయాను.

తెల్లారేసరికి నాయిన బయటికెళ్లాడు. అమ్మ ఆసు ముందు నిలబడి పోగులు చూస్తోంది. ఒకచోట వరస తప్పింది. అట్లాగే చిటికి కడితే, నేసేటప్పుడు పువ్వు రేకు పక్కకు జరిగిపోతుంది. అమ్మ తప్పిన చోటుదాకా పోగు విప్పి, ఎడమ చేత్తో మెల్లగా మళ్లీ పోసింది. నాయిన వచ్చి ‘మంచిగొచ్చిందా?’ అంటే, ‘మంచిగొచ్చింది’ అంది.

ఆ రెండు మాటల మధ్య నేను కూర్చుని ఉన్నాను. అమ్మ అబద్ధమాడిందని అప్పుడు నాకు కోపమొచ్చింది. ఇన్నేళ్లకు దాన్ని అబద్ధమనలేకపోతున్నాను. నాయిన రాత్రంతా కూర్చోవడం మంచిగానే వచ్చింది కదా. అమ్మ జవాబిచ్చింది దానికేనేమో.

నేను థాంక్స్ చెప్పేది ఒక్కదానికే. ఆ రాత్రి నన్ను పొమ్మని తరమకుండా చూడనిచ్చినందుకు నాయినకు, పొద్దున నా ముందే పోగు విప్పినందుకు అమ్మకు. పిల్లల ముందు ఎందుకని మీరు దాచి ఉంటే, ఒక మనిషి అలసిపోతే ఇంకో మనిషి ఏం చేస్తారో నేను ఎక్కడో పుస్తకంలో వెతుక్కునేదాన్ని.”

మైకు ఇచ్చేసి వచ్చి వాళ్ల కుర్చీల వెనక నిలబడ్డాను. అమ్మ తల వంచుకుని కొంగు అంచు సరిచేసుకుంటోంది. నాయిన కళ్లు తుడుచుకుని, ఆమె వైపు వంగి మెల్లగా అన్నాడు.

“నాకు తెల్వదనుకున్నవా? చిటికి కట్టేటప్పుడు చూసిన. నేను పోసిన పోగులు గంత సక్కగ ఉండయి.”

“మరి అప్పుడే అనకపోతివి?”

“నువ్వు మంచిగొచ్చిందంటివి గద.”