ఆయుష్షు అడిగినప్పుడు

జాతకం చూపించుకోవడానికి వచ్చినవాళ్లు ఆయుష్షు మాట ముందుగా ఎత్తరు. ఉద్యోగం, సంబంధం, ఇల్లు అన్నీ అయ్యాక, లేవబోతూ అడుగుతారు. ఈ వృత్తిలో ఉన్న నాకు, ఆ ప్రశ్నకు ఎంతవరకు జవాబు చెప్పవచ్చు అన్నది ఇప్పటికీ తెగని ఆలోచనే.

ఒకావిడ భర్త జాతకం తెచ్చారనుకుందాం. ఆయన గుండె రక్తనాళాల్లో పూడికలు. బైపాస్ చేయాలన్నారు. "పంతులుగారూ, ఆషాఢం వెళ్లాక చేయించుకోవచ్చా? గండం ఏమైనా ఉందా?" అని ఆవిడ ప్రశ్న.

లెక్కకు దారి ఉంది. లగ్నం నుంచి రెండు, ఏడు మారకస్థానాలు. వాటి అధిపతుల దశలు ఎప్పుడొస్తాయో చూడమంటుంది శాస్త్రం. అయితే ఆ దశ నిలబడేది పుట్టిన సమయం మీద. ఆయన భరణి నక్షత్రంలో, "తెల్లవారుజామున ఆరూ ఆరున్నర మధ్య" పుట్టారట. భరణికి శుక్రదశ, 20 ఏళ్లు. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. అంటే అరగంట తేడాకి దశ అయిదు నెలలు జరుగుతుంది. తర్వాతి దశలన్నీ దానితో పాటే జరుగుతాయి. ఇక లాహిరి అయనాంశ తీసుకోవాలా, రామన్ అయనాంశ తీసుకోవాలా అన్నదగ్గర ఆ తేడా రెండేళ్లు దాటుతుంది. ఆయుర్దాయం కట్టడానికి పిండాయువు, నిసర్గాయువు, అంశాయువు అని శాస్త్రంలోనే మూడు పద్ధతులున్నాయి. మూడింటికీ ఒకే సంఖ్య రావాలని లేదు.

ఇంత కదిలే లెక్క మీద ఒక మనిషి చావుకి తేదీ ఎలా పెట్టడం? ఒకవేళ లెక్క కదలకపోయినా, అది ప్రాణం సంగతి నిజంగా చెప్పగలదని ఎవరు రుజువు చేశారు? పన్నెండేళ్లు నిండని పిల్లలకు ఆయుర్దాయం చూడవద్దన్న పెద్దలు, ఆ జంకు మిగతా వయసులకూ వర్తిస్తుందని అనుకోలేదా అనిపిస్తుంది.

అందుకే ఆవిడను తిరిగి ఒకటే అడగాలనిపిస్తుంది. "డాక్టరుగారు ఎప్పటిలోగా చేయించుకోమన్నారమ్మా?" వారంలోపు అన్నారంటే ఆషాఢం సంగతి అక్కడితో ముగిసింది. ముహూర్తం కోసం ఒక్క రోజు కూడా ఆగకూడదు. రెండు మూడు వారాల్లో ఎప్పుడైనా పరవాలేదని వైద్యులే అంటే, వాళ్లిచ్చిన రోజుల్లోనే ఒకటి చూసిపెట్టవచ్చు. ఆ ఇంటికి కాస్త ధైర్యం వస్తుంది, వైద్యం ఆలస్యం కాదు. మందులు మానమనడం, ఇంకో పరీక్ష అక్కర్లేదనడం ఈ పీట మీద కూర్చున్నవాడి పని కాదు. భయం పుట్టించి, దానికి శాంతి చేయించమని వెల చెప్పడం అంతకన్నా తప్పు.

ప్రమాదాల సంగతీ అంతే. "ఈ ఏడు వాహనగండం" అన్న మాట విన్న కుర్రాడు బండి మానడు, బెదురుతూ నడుపుతాడు. హెల్మెట్ పెట్టుకో, నిద్ర ఆపుకుంటూ రాత్రిపూట నడపకు అన్న మాట ఏ జాతకానికైనా నిజమే.

మౌనం సంగతే తేలదు. ఏమీ చెప్పకుండా జాతకచక్రం మడిచేస్తే, ఎదుటివాళ్లు ఆ మడవడాన్నే చదువుకుంటారు. "ఏదో చూశారు, దాచారు" అనుకుంటూ ఇంటికి వెళ్తారు. అప్పుడు చెప్పకపోవడం చెప్పినదానికన్నా బరువైపోతుంది. బహుశా అందుకే ఆ హద్దును చక్రం వేయకముందే, వచ్చిన ప్రతివారికీ ఒకేలా చెప్పాలేమో. "ఆయుష్షు, చావు నేను చూడను. మీ జాతకమనే కాదు, ఎవరిదీ చూడను." ముందే విన్నవారికి తర్వాతి మౌనంలో వెతుక్కోవడానికి ఏమీ ఉండదు.

ఆ నియమాన్నీ పక్కన పెట్టి ఆగాల్సిన చోటు ఒకటుంది. "నేను ఎప్పుడు పోతాను" అని తన గురించే అడిగేవారి గొంతులో ఒక్కోసారి కుతూహలం ఉండదు, అలసట ఉంటుంది. "చనిపోవాలని అనిపిస్తోందా" అని సూటిగా అడగడానికి నోరు రాదు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం. మానసిక వైద్యులు అలా పుట్టదనే చెబుతారు. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా పంపకూడదు. ఇంట్లోవాళ్లను పిలవాలి, టెలీ మానస్ 14416కు అక్కడి నుంచే ఫోన్ కలపాలి.

ఇవన్నీ పాటించినా ఒక సందేహం మిగులుతుంది. చావు చూడనని చెప్పి, పెళ్లి ఎప్పుడో మాత్రం తేదీ చెబుతున్నామంటే, ఆ లెక్క అక్కడ కదలకుండా ఉంటుందా? ఆ అరగంట తేడా అక్కడా ఉంటుంది. తప్పితే పెళ్లి ఆలస్యమై ఊరుకుంటుంది, అంతే. నష్టంలోని ఆ తేడా వల్లే ఈ హద్దును ఇక్కడ గీశామా, అసలు ఇంకా ముందే గీయాలా అన్నది ఇంకా ఆలోచించుకోవలసిందే.