గతమును గూర్చి ఎంత చెప్పవలెను?

మీ యింట పెండ్లికి ఎదిగిన కుమారుడో కుమార్తెయో ఉన్నయెడల ఈ ప్రశ్న మీ గడపకును వచ్చును. పెద్దలు సంబంధము చూచిరి. చిన్నవారిద్దరు వరండాలో పావుగంట మాటలాడుకొని, ఫోను నంబర్లు ఇచ్చుకొనిరి. ఇంకను ప్రధానము కాలేదు. ఇంతకుముందు వేరొకరిని ప్రేమించిన సంగతి ఈ మొదటి మాటలలో ఎంతవరకు చెప్పవలెను?

నా పరిచర్య తొలి దినములలో ఒక యువకుడు ఇదే అడుగగా, "ఏమియు దాచకుము, అంతయు చెప్పుము" అంటిని. అతడు రెండవసారి కలిసినప్పుడే మునుపటి అమ్మాయి పేరు, ఊరు, ఆమె వ్రాసిన ఉత్తరములు, అన్నియు చెప్పెను. అతని గుండె తేలికయయ్యెను. విన్నామె గుండె బరువెక్కెను. పెండ్లియైన పిమ్మట అతడు మౌనముగా ఉన్నప్పుడెల్ల ఆమెకు ఆ పేరే జ్ఞాపకము వచ్చెడిది. ఆ మునుపటి అమ్మాయి పొరుగు సంఘములోనికే కాపురమునకు వచ్చెను. ఆమె ఎరుగకయే ఆమె గుట్టు మరియొక ఇంట పలుకబడుచుండెను. సత్యము చెప్పుమనుట నా తప్పు కాదు. ఎంత, ఎప్పుడు, ఎవరి మేలు కొరకు అని చెప్పకపోవుటయే నా తప్పు.

గతములో రెండు పాళ్లున్నవి. ఒకటి నేటికిని బ్రదికియున్నది. రెండవది జ్ఞాపకము మాత్రమే. మునుపటి వివాహము, బిడ్డ, కోర్టు వ్యాజ్యము, తీరని అప్పు, అంటు రోగము, నేటికిని సాగుచున్న మాటలు, ఇవి బ్రదికియున్నవి. పెండ్లి చేసికొనువారు ఇవి కూడ పంచుకొందురు గనుక, వారు సరేయనకముందే తెలిసికొను హక్కు వారికి గలదు. వివాహము, బిడ్డ సంగతియైతే పెండ్లిచూపులకు ముందే పెద్దల ద్వారా తెలియవలెను. పెద్దమనుషుల యెదుట విడిపోయి కాగితము వ్రాసికొన్నంత మాత్రమున క్రైస్తవ వివాహము రద్దు కాదు. 1869 నాటి విడాకుల చట్టము ప్రకారము కోర్టు డిక్రీ కావలెను. "ఎప్పుడో తెగిపోయినది" అను మాట అక్కడ చాలదు.

జ్ఞాపకమైనదానిని రెండు మూడు మాటలలో చెప్పిన చాలును. మొదటి కలయికలో అదియు అవసరము లేదు. ఇద్దరికిని ఇష్టము కుదురుచున్నదని తెలిసినప్పుడు, ప్రధానమునకు ముందు చెప్పవలెను.

ఈ మధ్య మా సంఘములో జరిగినది వినుడి. పట్టణములో ఉద్యోగము చేయు ఒక యువకుడు మూడవసారి కలిసినప్పుడు ఆ అమ్మాయితో ఇట్లనెను: "రెండేండ్ల క్రిందట నాతో పనిచేసిన ఒకామెను పెండ్లాడవలెనని తలంచితిని. వారి పెద్దలు ఒప్పుకొనలేదు. విడిపోతిమి." ఆమె పేరు అడుగలేదు. "ఇప్పుడు మాటలున్నవా? ఇచ్చిపుచ్చుకొనవలసినది ఏదైన ఉన్నదా?" అని మాత్రము అడిగెను. అతడు తడబడి, ఆమె తీసికొన్న అప్పునకు తాను హామీ ఉన్నాననియు, ఇంకను పదకొండు వాయిదాలున్నవనియు చెప్పెను. చూచితిరా, ప్రేమకథకంటె ఈ అప్పే చెప్పవలసిన సంగతి! అతడు పాత ఫొటోలు కూడ చూపబోగా ఆమె, "అవి నాకు వద్దండి, అవి ఆమెవి కూడ గదా" అనెను. అప్పు సంగతి తన తండ్రికి చెప్పుటకు అతని సెలవు అడిగి, వారము ఆలోచించి, పిమ్మట సమ్మతించెను.

సమరయ స్త్రీతో ప్రభువు బావియొద్ద ఎట్లు మాటలాడెనో జ్ఞాపకము చేసికొనుడి. ఆమెకు ఐదుగురు పెనిమిట్లుండిరని ఆయన చెప్పెను గాని, వారు ఎవరు, ఏల విడిచిరి అని తవ్వలేదు. ఇప్పుడున్నవానిని గూర్చి మాత్రము ఉన్నదున్నట్లు పలికెను.

అడుగువారికిని హద్దు గలదు. జవాబు వచ్చిన పిమ్మట అదే ప్రశ్న మూడవమారు వచ్చుట, పేరు చెప్పుమని, ఫోను చేతికిమ్మని బలవంతపెట్టుట, ఇవి తెలిసికొనుటకు కాదు, అనుమానమును మేపుటకే. ఆ అనుమానము పెండ్లితో చల్లారదు. మరియు అమ్మాయినే అడిగి అబ్బాయిని అడుగని ఇల్లు న్యాయము తప్పినది. ప్రశ్న ఒకటైనప్పుడు ఇద్దరికిని ఒకటే కావలెను.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ చెప్పబోవునప్పుడు "నోరు మూసికొనుము, సంబంధము చెడును" అనకుడి. సరిగా చెప్పిన మూడు మాటలకు చెడిపోవు సంబంధము, పెండ్లి తరువాత బయటపడిన ఒక్క మాటకు నిలువదు. అయితే చెప్పబోవు బిడ్డను ఇది ఒక్కటి అడుగుడి: "ఇది ఆమె తెలిసికొనవలసినదా, లేక నీ బరువు దించుకొనుటకా?" రెండవదైనయెడల దానిని కాపరియొద్దనో, ప్రార్థనలోనో దించుకొనవలెను, పెండ్లాడబోవు చిన్నదాని భుజములమీద కాదు.