నువ్వు నవ్వకపోవడం ఒక్కటే చాలదు

చిరంజీవి కిరణ్‌కు, అత్త ఆశీస్సులు.

పండక్కి వచ్చినప్పుడు ఆఫీసు కబుర్లు చెబుతూ ఒకచోట ఆగిపోయావు. మీతో పనిచేసే ముస్లిం కుర్రాడు బ్యాగు తెరవబోతే మీ టీమ్ లీడ్ "అందరూ దూరం జరగండి, ఏం పేలుతుందో" అన్నాడనీ, అందరూ నవ్వారనీ చెప్పి, "అతనూ నవ్వాడత్తా" అన్నావు. ఆ తర్వాత మాట మార్చేశావు. అప్పటినుంచీ నా మనసు అక్కడే ఉంది.

అతను నవ్వక ఏం చేస్తాడురా? ముఖం మాడ్చుకుంటే "సరదా తెలియనివాడు" అంటారు, మర్నాటి నుంచి భోజనానికి పిలవరు. మీ నాన్నకి చిన్నప్పుడు నత్తి. లెక్కల మాస్టారు పనిగట్టుకుని లేపి చదివించేవాడు. క్లాసంతా నవ్వుతుంటే మీ నాన్నా నవ్వేవాడు. ఇప్పటికీ ఫోన్ మోగితే మీ అమ్మ చేతికిస్తాడు. ఎందుకో నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పక్క సీటులో ఒక దళిత అమ్మాయి ఉండేది. టైపింగులో అక్షరం తప్పు పడితే చాలు, మా సెక్షన్ ఆఫీసరు "కోటా టైపింగ్" అనేవాడు. నెలల తరబడి విన్నాను. ఒకరోజు పట్టలేక అందరి ముందూ లేచి అరిచాను. విచారణ పెట్టారు. ఏ రోజున అన్నాడు, సరిగ్గా ఏ మాట అన్నాడు, ఎవరు విన్నారు అని అడిగితే నా దగ్గర ఒక్క తేదీ లేదు. మిగతావాళ్ళు "సరదాగా అన్నారండీ" అని చెప్పి ఇళ్ళకి పోయారు. నన్ను చంటిపిల్లతో దూరపు ఊరికి బదిలీ చేశారు. ఆ అమ్మాయి ఉద్యోగమే మానేసింది. అందరి ముందూ తన పేరెత్తడం తనకి ఇష్టమేనా అని నేను అడగనేలేదు. అది నన్ను ఇప్పటికీ వదలదు.

అప్పట్లో కనీసం ఇంటికి చేరాక ఆ మాటలు వినపడేవి కావు. ఇప్పుడు మనిషి ఫోటోతో స్టిక్కరు చేసి రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో పడేస్తున్నారు. నల్లగా ఉన్నవాణ్ణీ లావుగా ఉన్నవాణ్ణీ చూసి నవ్వడం సినిమాలు నేర్పాయి, టీవీ కామెడీ షోలు ఇంటింటికీ అలవాటు చేశాయి. ఆ నవ్వే ఆఫీసుకీ వచ్చింది.

సరే, చేయాల్సింది చెబుతాను. నువ్వింకా ప్రొబేషన్‌లో ఉన్నావు, ఉపన్యాసాలివ్వకు. ఈసారి అలాంటి మాట వినపడితే నవ్వకుండా, గొంతు పెంచకుండా "నాకర్థం కాలేదండీ, బ్యాగులో ఏముంటుందని?" అని అడుగు. ఆ మాటని విప్పి చెప్పాల్సి వస్తే ఎవరికైనా ఇబ్బందే. జవాబు కోసం పట్టుబట్టకుండా పనిలోకి మళ్ళించు. సాయంత్రం ఆ కుర్రాడితో విడిగా టీ తాగు. "నాకు నచ్చలేదు. నువ్వేం చేయాలనుకుంటున్నావు?" అని అడుగు. అతను వద్దంటే అతని పేరు ఎక్కడా ఎత్తకు. అప్పుడు కూడా "ఇలాంటి జోకులు నాకు ఇబ్బందిగా ఉన్నాయి" అని నీ తరఫున నువ్వు లీడ్‌కి విడిగా చెప్పొచ్చు.

అదే రాత్రి నోటుబుక్కులో తేదీ, సమయం, అన్న మాట అన్నట్టుగా, అక్కడున్నవాళ్ళ పేర్లు రాసిపెట్టు. గ్రూపులో వచ్చిందైతే చెరిపేసేలోపు స్క్రీన్‌షాట్ తియ్యి. మూడుసార్లయ్యాక అతను సరేనంటే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. ఇద్దరు ముగ్గురు కలిసి పెడితే ఒక్కడి మీద కక్ష తీర్చుకోవడం కష్టం. మెయిల్‌లో జరిగింది మాత్రమే రాయండి, లీడ్ ఎలాంటివాడో రాయకండి.

ఏ దారి దేనికో కూడా తెలుసుకో. ఆడవాళ్ళ మీద లైంగికపరమైన వెకిలి మాటలైతే 2013 చట్టం ఉంది. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి, మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీలను కించపరచాలనే నలుగురి ఎదుట అవమానిస్తే 1989 చట్టం ఉంది. వికలాంగులను అలా అవమానిస్తే 2016 చట్టం. మతం మీదా రంగు మీదా వేసే జోకులకి ప్రైవేటు ఆఫీసుల్లో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అక్కడ నీకు ఆధారం కంపెనీ ప్రవర్తనా నియమావళి. చేరిన రోజు చదవకుండానే సంతకం పెట్టి ఉంటావు. అందులో వేధింపుల గురించీ, ఫిర్యాదు చేసినవాళ్ళ మీద ప్రతీకారం గురించీ ఏం రాశారో చూడు.

సోమవారం ఆఫీసుకి వెళ్ళేలోపు అది చదివి నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ అత్త