λ ఏడును తాకే చోట

నారాయణగూడ కాలేజీల్లో ఇంటర్ మొదటి ఏడాది పిల్లలు 1ఎ లెక్కల్లో మాత్రికల దగ్గరికి వచ్చేసరికి ఈ తరహా ప్రశ్న ఎదురవుతుంది. ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయినా ఇది మాత్రం వాళ్లను వదల్లేదు. దీనంత అందమైన లెక్క ఆ పుస్తకంలో ఇంకొకటి లేదంటాను.

x + y + z = 6
x + 2y + 3z = 14
x + 4y + λz = μ

రెండు, మూడు వరుసల్లోంచి మొదటి వరుస తీసేయండి. తర్వాత మూడో వరుసలోంచి కొత్త రెండో వరుసకు మూడు రెట్లు తీసేయండి. అంత బరువూ కరిగిపోయి చివరి వరుసలో ఒక్క మాటే మిగులుతుంది: (λ − 7)z = μ − 30. నిర్ధారకం కూడా ఆ λ − 7 తప్ప వేరే కాదు. చిక్కుముడి లాంటి మూడు సమీకరణాల తలరాత అంతా ఇంత చిన్న తీసివేతలో ఉండటం ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే!

μని 31 దగ్గర ఉంచి, λని మెల్లగా ఏడు వైపు జరపండి. 8 దగ్గర z = 1. 7.01 దగ్గర z = 100, y = −192, x = 98. 7.001 దగ్గర z వెయ్యికి చేరుతుంది. సాధన చచ్చిపోవడం లేదు, మన చేతికి అందనంత దూరం పరుగెడుతోంది. విలోమ మాత్రిక అంటే అనుబంధ మాత్రికను నిర్ధారకంతో భాగించినదే కదా, హారం సన్నబడేకొద్దీ దాని మూలకాలూ అలాగే పెరిగిపోతాయి. సరిగ్గా ఏడు దగ్గర విలోమమే ఉండదు. అప్పుడు మూడు తలాలు జంటలు జంటలుగా మూడు సమాంతర రేఖల్లో ఖండించుకుంటాయి. మూడూ కలిసే బిందువు మాత్రం ఉండదు. చివరి వరుస 0 = 1 అంటుంది. గుణక మాత్రిక కోటి 2, విస్తృత మాత్రిక కోటి 3.

ఇప్పుడు ఆ 31ని 30 చేయండి, అంతే. రెండు కోటులూ 2 అవుతాయి, మూడు రేఖలూ ఒక్కటైపోతాయి. ఆ రేఖ మీది ప్రతి బిందువూ సాధనే: (z − 2, 8 − 2z, z). z = 3 పెట్టి చూస్తే 1, 2, 3 వస్తాయి.

నిర్ధారకం సున్నా కాగానే సాధనలు లేవని గుర్తుపెట్టే తొందర పరీక్షలో చాలామందిని పడగొడుతుంది. క్రామర్ నిర్ధారకాలు నాలుగూ సున్నా అయితే అనంత సాధనలని నమ్మడం అంతకంటే లోతైన గొయ్యి. x + y + z విలువ ఒకచోట 1, ఒకచోట 2, ఇంకోచోట 3 అని మూడు సమీకరణాలు రాయండి. నాలుగు నిర్ధారకాలూ సున్నాలే, సాధన ఒక్కటీ లేదు. అక్కడ నిజం చెప్పగలిగింది కోటి ఒక్కటే: ఒకవైపు 1, రెండోవైపు 2.