పెనుకొండ స్టేషన్, ఎరుపు సిగ్నల్, కర్మఫలం

2012 మే 22 తెల్లవారుజామున హుబ్బళ్ళి నుంచి బెంగళూరు పోతున్న హంపి ఎక్స్‌ప్రెస్ పెనుకొండ స్టేషన్‌లో ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొంది. ఇంజిన్‌కు దగ్గరగా ఉన్న పెట్టెల్లో మంటలు లేచాయి. దాదాపు పాతికమంది చనిపోయారు. ఎరుపు సిగ్నల్‌ను దాటి బండి ముందుకొచ్చిందన్నది అప్పుడే బయటికొచ్చిన విషయం. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలు దారిలో ఉన్న ఊళ్ళు కాబట్టి ఆ రాత్రి గురించి ఇక్కడ తెలియని ఇల్లు లేదు. మత తత్త్వశాస్త్రం ట్యుటోరియల్‌లో కర్మ, పునర్జన్మల పాఠం వచ్చినప్పుడల్లా నేను ఆ ప్రమాదంతోనే మొదలుపెడతాను. పుస్తకంలోని ఉదాహరణ దగ్గర పిల్లలు తలూపి ఊరుకుంటారు. దీని దగ్గర మాత్రం ఊరుకోరు.

ఒకసారి ధర్మవరం నుంచి వచ్చే అమ్మాయి అంది: "వాళ్ళకు ఆ పొద్దు అట్ల రాసిపెట్టింది సార్. మా అవ్వ ఇప్పటికీ అదే అంటాది." పక్కనున్న అబ్బాయి వెంటనే అడిగాడు: "అట్లయితే డ్రైవర్ తప్పేముంది?"

ఆ ప్రశ్నలో ఈ సిద్ధాంతం కష్టమంతా ఉంది. దాన్ని చూడాలంటే కర్మ సిద్ధాంతం నిజంగా ఏం చెబుతోందో ముందు విడదీసుకోవాలి. మన దర్శనకారులు రెండు దోషాలను తప్పించుకోవాలని దీన్ని నిలబెట్టారు. ఒకటి కృతహాని, అంటే చేసిన పని ఫలం ఇవ్వకుండానే నశించిపోవడం. రెండోది అకృతాభ్యాగమం, అంటే చేయని పనికి ఫలం నెత్తిన పడటం. ఈ రెండూ జరగకూడదంటే ఒక్క జన్మ చాలదు. దుర్మార్గుడు సుఖంగా పోతాడు, పసిబిడ్డ బాధపడి పోతుంది. అందుకే వెనక జన్మలు, ముందు జన్మలు కావలసి వచ్చాయి. ఎప్పుడూ ఒకే ఊపిరిలో చెబుతాం కాబట్టి ఈ రెండు దోషాలూ ఉండవనడం ఒకే మాట అనిపిస్తుంది. కానీ ఇవి రెండు వేర్వేరు వాదాలు. ఏ పనీ ఊరికే పోదన్నది మొదటిది. ఏ బాధా ఊరికే రాదన్నది రెండోది. మొదటిదాన్ని ఒప్పుకున్నంత మాత్రాన రెండోది ఒప్పుకోవలసిన అవసరం లేదు. నేను ఈ పాఠంలో చెప్పదలచుకున్నదంతా ఈ తేడా గురించే.

ఇక డ్రైవర్ సంగతి. సంప్రదాయం ఇచ్చే జవాబు తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. చనిపోయినవాళ్ళు తమ ప్రారబ్ధం అనుభవించారు, డ్రైవర్ నిమిత్తమాత్రుడు, అయినా అతని ఏమరుపాటు అతని కర్మగా అతనికి అంటుకుంటుంది అంటుంది. ఒకే సంఘటన ఇద్దరి ఖాతాల్లోకి రెండు వేరు రకాలుగా పోతుందన్నమాట. వినడానికి బాగుంది. అబ్బాయి ప్రశ్నను ఇంకాస్త ముందుకు నడిపిస్తే చిక్కు కనబడుతుంది. ఆ రాత్రి డ్రైవర్ బండిని సిగ్నల్ దగ్గర ఆపగలిగి ఉండేవాడా? ఆపలేడంటే, పాతికమంది ప్రారబ్ధం అతని చేతిని కట్టేసిందని అర్థం. కట్టేసిన చేతికి పాపం అంటదు. ఆపగలడంటే, ఆ ప్రయాణికులు పొద్దున్నే క్షేమంగా హిందూపురం దాటిపోయి ఉండేవాళ్ళు. అప్పుడు వాళ్ళ ప్రారబ్ధం ఏమైనట్టు? మరో దారిలో, మరో రోజు పట్టుకునేదంటారా? అలా అంటే ప్రమాదం జరిగినా కర్మే, జరగకపోయినా కర్మే అవుతుంది. ఏం జరిగినా సరిపోయే మాట, ఇదే ఎందుకు జరిగిందో చెప్పదు. విట్లీ కౌఫ్‌మన్ అనే తత్త్వవేత్త 2005లో రాసిన వ్యాసంలో కర్మ సిద్ధాంతం మీద వేసిన ఆక్షేపణల్లో స్వేచ్ఛకు సంబంధించినదీ, సిద్ధాంతాన్ని పరీక్షించలేమన్నదీ ముఖ్యమైనవి. మోనిమా చఢ్ఢా, నిక్ ట్రకాకిస్ 2007లో జవాబు రాశారు. ఆ వాదప్రతివాదాలు పిల్లల చేత చదివిస్తాను. అయితే ఈ చిక్కు పడమటివాళ్ళు కనిపెట్టింది కాదు. మనవాళ్ళకు చాలా ముందే తెలుసు.

చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయం పేరు జనపదోధ్వంసనీయం. ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయే రోగాల గురించి అది. అగ్నివేశుడు ఆత్రేయుణ్ణి అడుగుతాడు: మనుషుల ప్రకృతి వేరు, ఆహారం వేరు, బలం వేరు, వయసు వేరు, అయినా అందరూ ఒకేసారి ఒకే జబ్బుతో ఎలా పోతారు? మా పెనుకొండ ప్రశ్న ఇదే. పాతికమంది పాతిక జీవితాలు గడిపారు, పాతిక వేరు కర్మలు ఒకే పెట్టెల్లో ఒకే క్షణానికి ఎలా పండాయి? ప్రతి ఒక్కరి ప్రారబ్ధమూ విడిగా వచ్చి అక్కడ కలుసుకుందని ఆత్రేయుడు అనడు. గాలి, నీరు, నేల, కాలం చెడిపోయాయి, అవి అందరికీ ఉమ్మడివి అంటాడు. అవి ఎందుకు చెడ్డాయంటే అధర్మం వల్ల అంటాడు. ఎవరి అధర్మం? దేశానికీ నగరానికీ పెద్దలైనవాళ్ళు ధర్మం తప్పితే, వాళ్ళను ఆశ్రయించుకున్నవాళ్ళు దాన్ని పెంచుతారట. చివరికి జనమంతా అనుభవిస్తారు. నైతిక కారణం ఇక్కడ ఉంది. ఒకరి తప్పు ఇంకొకరి మీద పడటం కూడా ఉంది. అకృతాభ్యాగమాన్ని ఈ వైద్యుడు మామూలు విషయంగా ఒప్పేసుకున్నట్టే నాకు కనిపిస్తుంది.

అదే అధ్యాయంలో ఆయుష్షు ముందే కొలిచిపెట్టి ఉందా అన్న చర్చ వస్తుంది. అంతా నిర్ణయమై ఉంటే మందులెందుకు, మంత్రాలెందుకు, మదించిన ఏనుగుకు దూరంగా జరగడమెందుకు అని ఆత్రేయుడు నిలదీస్తాడు. బండి ఇరుసు ఉపమానం చెబుతాడు. మంచి ఇరుసు సరిగ్గా వాడితే దాని కాలం ముగిసేదాకా ఉండి అరిగిపోతుంది. అదే ఇరుసు బరువెక్కువైనా, దారి గతుకులైనా, తోలేవాడు సరిగా తోలకపోయినా నడి దారిలో విరుగుతుంది. దైవమూ పురుషకారమూ రెండూ ఉన్నాయి, బలమైనది రెండోదాన్ని అణచేస్తుంది అన్నది ఆయన తీర్పు. రైలు ప్రమాదంలో పోయినవాళ్ళ గురించి, తోలేవాడు సరిగా తోలకపోతే విరిగే ఇరుసు కంటే సూటిగా ఎవరూ చెప్పలేదు.

పెనుకొండను తలుచుకుంటే విజయనగర రాజులు గుర్తొస్తారు గానీ, ఆ ఊరు జైనులకూ పాత క్షేత్రం. పచ్చ పార్శ్వనాథుడి ఆలయం ఇప్పటికీ ఉంది. జైనుల కర్మ మిగతావాళ్ళ కర్మ లాంటిది కాదు. అది సూక్ష్మమైన పదార్థం. మనసు, మాట, ఒళ్ళు కదిలినప్పుడు ఆ అణువులు జీవుడి వైపు వస్తాయి, రాగద్వేషాలు ఉంటే అంటుకుంటాయి. పంచిపెట్టే దేవుడు అక్కర్లేదు. అంతటి నిక్కచ్చి సిద్ధాంతంలోనూ ఆయుఃకర్మ దగ్గరికి వచ్చేసరికి తత్త్వార్థసూత్రం రెండో అధ్యాయం చివర ఒక మినహాయింపు ఉంది. దేవతలు, నారకులు, అదే చివరి జన్మగా ఉన్నవాళ్ళు లాంటి కొందరి ఆయుష్షును మాత్రమే తగ్గించడం కుదరదట. మిగిలినవాళ్ళది విషం, ఆయుధం, నిప్పు లాంటి బయటి కారణాలతో ముందే తెగిపోవచ్చని వ్యాఖ్యాతలు రాశారు. పదార్థంగా కర్మను నమ్మినవాళ్ళు కూడా నిప్పుకు దాని సొంత బలం ఒప్పుకోక తప్పలేదు.

బుద్ధుడు ఇంకా తెగేసి చెప్పాడు. మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ వల్లేనని కొందరంటున్నారు, నిజమేనా అని మోళియ సీవకుడనే పరివ్రాజకుడు అడుగుతాడు. బాధకు పిత్తం, శ్లేష్మం, వాతం, అవి కలగలవడం, ఋతువు మార్పు, సరిగా చూసుకోకపోవడం, బయటి దాడి అనే కారణాలు ఒక్కొక్కటిగా చెప్పి, కర్మవిపాకాన్ని ఎనిమిదోదిగా చేరుస్తాడు. అంతా పూర్వకర్మే అనేవాళ్ళు లోకం ఎరిగిన దాన్ని దాటి మాట్లాడుతున్నారంటాడు.

మరి ఏ బాధా ఊరికే రాదన్న రెండో వాదాన్ని వదిలేస్తే పోదా అని అడగొచ్చు. వదిలేయమనే నేనూ అంటాను. కానీ దానికి కట్టవలసిన మూల్యం ఉంది, అది అందరి మీదా ఒకేలా పడదు. ఫలం ఎవరిస్తారన్న దాని మీద బ్రహ్మసూత్రాల్లోనే తగువు ఉంది. ధర్మమే ఇస్తుందని జైమిని అన్నాడు. ఆయన తర్వాతి మీమాంసకులు దానికి అపూర్వం అనే కనబడని శక్తిని చెప్పుకున్నారు. బాదరాయణుడు మాత్రం ఈశ్వరుడే ఇస్తాడన్నాడు. ఈశ్వరుడికి పక్షపాతమూ నిర్దయా ఉన్నాయన్న ఆక్షేపణకు రెండో అధ్యాయం మొదటి పాదంలో ఆయన ఇచ్చిన జవాబు ఒక్కటే: ఆయన జీవుల కర్మను బట్టి ఇస్తాడు. మొట్టమొదట కర్మే లేదు కదా అంటే, సంసారం అనాది అన్నాడు. అనాది అన్న జవాబు ప్రతి జన్మకూ దాని వెనక జన్మను చూపించగలదు గానీ, అసలు ఈ బాధల వరస ఎందుకుందో చూపించదు. అయినా అదొక జవాబు. చేయని దానికీ బాధ వస్తుందని ఒప్పుకుంటే అది కూడా మిగలదు. పాతికమందిలో ఒక్కరి మరణం కర్మకు బయట జరిగినా ఈశ్వరుడు ఎందుకు చూస్తూ ఊరుకున్నాడన్న ప్రశ్న తిరిగి వస్తుంది. జైనులకూ బౌద్ధులకూ ఈ ఇబ్బంది లేదు. ఆస్తికుడు మాత్రం దాన్ని మోయక తప్పదు. మోయడమే నిజాయితీ అని నా నమ్మకం. దేవుణ్ణి కాపాడటానికి చనిపోయినవాళ్ళ మీద తెలియని నేరం మోపడం కంటే, దేవుణ్ణి అడగడం మేలు.

గుర్తే లేని వెనక జన్మ తప్పుకు శిక్ష ఎలా న్యాయమవుతుందన్న ఆక్షేపణ దగ్గర ఇంతసేపు ఆగను. లేపాక్షి గుడి గోడ మీద ఎర్రటి మచ్చలు చూపించి, రాజు శిక్ష వేయకముందే విరూపణ్ణ తన కళ్ళు తానే తీసి కొట్టిన గుర్తులని చెబుతారు. కథే అనుకున్నా, ఆ మనిషికి తన మీద మోపిన నేరమేమిటో తెలుసు. పుట్టుగుడ్డి బిడ్డకు ఏమీ తెలియదు. ఇది శిక్ష కాదు, విషం తాగితే పనిచేసినట్టు పనిచేసే ఫలితం మాత్రమే, గుర్తుతో పని లేదు అని జవాబిస్తారు. సరే. అప్పుడది కారణకార్య సంబంధం మాత్రమే అవుతుంది. దాన్ని న్యాయం అని పిలిచే హక్కు పోతుంది. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు.

ధర్మవరం అమ్మాయి వాళ్ళింట్లో మగ్గం ఉంది. ముడిపట్టు ధర పెరగడం, చేనేతకు కేటాయించిన రకాలను 1985 చట్టాన్ని పట్టించుకోకుండా మరమగ్గాల మీద నేయడం, షావుకారు దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరకపోవడం, ఇవన్నీ ఆ పిల్లకు పుస్తకం లేకుండానే తెలుసు. అయినా ఇంట్లో వాళ్ళు "మా ఖర్మ" అంటారు. పూర్వజన్మ కర్మ అన్న సిద్ధాంతం పేదల స్థితికి సమాజం, రాజ్యం బాధ్యత వహించకుండా తప్పించుకోవడానికే పనికొస్తుందని అంబేడ్కర్ 'బుద్ధుడు, అతని ధమ్మం'లో రాశారు. నేను దీన్ని తర్కం మీద వేసిన ఆక్షేపణగా చూడను. అబద్ధమైన కారణం చెబితే నిజమైన కారణాన్ని వెతకడం మానేస్తారన్నది పరిశీలించి చెప్పగల విషయం. ఎరుపు సిగ్నల్ దాటిన బండి విషయంలోనూ అంతే. ప్రారబ్ధం అనుకుంటే డ్రైవర్ ఎన్ని గంటలు డ్యూటీలో ఉన్నాడో ఎవరూ అడగరు.

క్లాసు చివర్లో ఆ అమ్మాయి ఇంకో మాట అడిగింది. పోయినవాళ్ళు ఏ తప్పూ చేయలేదని ఒప్పుకుందాం సార్, మరి వాళ్ళకు వచ్చే జన్మలోనైనా మంచి జరగాలని కోరుకోవచ్చు కదా? కోరుకోవచ్చు. వెనక జన్మ నేరాన్ని వదిలేసి, ముందు జన్మను మాత్రం ఉంచుకోవడంలో తార్కికంగా తప్పేమీ లేదు. కానీ చేయని దానికి పడిన బాధకు పరిహారం ఇవ్వడం కర్మ పని కాదు, కర్మ చేసినదానికే ఫలం ఇస్తుంది. పరిహారం ఇవ్వాలంటే ఎవరో ఒకరు తలుచుకుని ఇవ్వాలి. అంటే జైనుల దారి వదిలి మళ్ళీ బాదరాయణుడి గుమ్మం దగ్గరికే వస్తాం, అదీ ఆయన ఇచ్చిన జవాబు చేతిలో లేకుండా. వచ్చే వారం పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.